మాటల మధ్య గ్యాప్ తీసేస్తే చూసేవారు నిలుస్తారా?

ఒకే మనిషిని, ఒకే కోణం నుంచి, ఇంచుమించు ఒకే దూరం నుంచి తీసిన షాట్‌లో మధ్య కొంత కాలాన్ని కోసేసి, ముందు ముక్కను వెనక ముక్కకు అతికిస్తే వచ్చేది జంప్ కట్. వెనక గోడ అలాగే ఉంటుంది, చొక్కా అదే, కానీ తల ఒక్కసారిగా పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. ఆ గెంతు వల్లే దానికి ఆ పేరు. జాన్ లుక్ గొడార్ 1960లో తీసిన ‘బ్రెత్‌లెస్’ సినిమాతో ఈ పద్ధతి ప్రసిద్ధమైంది. అంతకు ముందు ఎడిటర్లు దాన్ని తప్పుగానే చూసేవారు. ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని మాట్లాడే యూట్యూబ్ వీడియోల్లో అది రోజువారీ వ్యాకరణం. మాట్లాడే మనిషి ఊపిరి తీసుకున్న చోట, తడుముకున్న చోట, ‘అంటే... ఏంటంటే...’ అన్న చోట కోసేయడం ఎడిటర్ మొదటి పని. ‘గ్యాప్‌లన్నీ లేపేయ్’ అన్న ఒక్క మాట చాలు, పది నిమిషాల ఫుటేజ్ ఎనిమిది నిమిషాలకు వచ్చేస్తుంది.

ఈ కోతల వెనక ఒక నమ్మకం ఉంది. గ్యాప్ ఉంటే చూసేవాళ్లు వెళ్లిపోతారని, బిగించి కోస్తే నిలుస్తారని ఆ నమ్మకం. వెళ్లిపోయిన వారెందరో, ఉన్నవారెందరో యూట్యూబ్ స్టూడియో రిటెన్షన్ గ్రాఫ్‌గా చూపిస్తుంది. వీడియోలో నిమిషానికి ఎన్ని జంప్ కట్‌లు, ఎన్ని సెకన్ల నిశ్శబ్దం ఉన్నాయో లెక్కపెట్టవచ్చు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే నమ్మకం నిజమో కాదో తేలిపోవాలి. కానీ అంత సులువుగా తేలదు. లెక్కలో మూడు చోట్ల కాలు జారుతుంది: నిశ్శబ్దాన్ని కొలిచే దగ్గర, రిటెన్షన్‌ను చదివే దగ్గర, ఒక వీడియోను మరొక దానితో పోల్చే దగ్గర. ఒక ఉపాధ్యాయుడు కెమెరా ముందు నిలబడి పాఠం చెప్పే పది నిమిషాల వీడియోను ఉదాహరణగా తీసుకుంటే ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి.

నిశ్శబ్దాన్ని కొలవడం

మాటల్లో ఖాళీ ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న భాషాశాస్త్రంలో పాతదే. లండన్‌లో పనిచేసిన ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ మాటల్లోని విరామాలను ఏళ్ల తరబడి కొలిచి, 1968లో పుస్తకంగా తెచ్చారు. సెకనులో నాలుగో వంతు, అంటే 0.25 సెకను కన్నా చిన్న ఖాళీలను ఆమె విరామాలుగా లెక్కించలేదు. హల్లులు పలకడానికి నోరు మూసుకున్నప్పుడు కూడా శబ్దం క్షణకాలం ఆగుతుంది. దాన్ని ఆలోచన కోసం ఆగడంతో కలిపేయకూడదన్నది ఆమె ఉద్దేశం.

తెలుగుకు ఈ జాగ్రత్త మరింత అవసరం. మన భాష నిండా ద్విత్వాక్షరాలే. ‘అక్క’, ‘చెట్టు’, ‘తప్పు’, ‘మెత్తగా’ లాంటి మాటలు పలికేటప్పుడు ద్విత్వం దగ్గర నోరు మూసుకుని, గాలి ఆగి, ఆ తర్వాతే శబ్దం విడుదలవుతుంది. ఆ మూత ఒంటి హల్లు కన్నా చాలా ఎక్కువసేపు ఉంటుంది. పాఠం చెప్పేవారు నొక్కి పలికితే ఇంకా సాగుతుంది. సాఫ్ట్‌వేర్‌కు 0.15 సెకను హద్దు ఇస్తే అది ‘తప్పు’లోని ‘ప్పు’ను కూడా నిశ్శబ్దంగానే లెక్కవేస్తుంది. అలాంటి హద్దుతో తీసిన ‘నిమిషానికి నలభై నిశ్శబ్దాలు’ అన్న అంకె ఆ వక్త తడబాటు గురించి ఏమీ చెప్పదు. తెలుగు పాఠాలకు 0.4 సెకను దగ్గర మొదలుపెట్టడం క్షేమం. ద్విత్వాలు దానికి దొరకవు, చెవికి ఖాళీగా వినిపించేవి మాత్రం చాలావరకు దొరుకుతాయి.

లెక్కించే పనిముట్టు ఉచితంగానే దొరుకుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాంలో నిశ్శబ్దాలను పట్టే ఫిల్టర్ ఒకటి ఉంది:

```
ffmpeg -i patham.wav -af silencedetect=noise=-38dB:d=0.4 -f null -
```

ఇందులో `d` అన్నది కనీస నిడివి, `noise` అన్నది ఎంత మెల్లని శబ్దాన్ని నిశ్శబ్దం కింద లెక్కించాలో చెప్పే హద్దు. ఈ రెండూ ఇవ్వకపోతే ప్రోగ్రాం తనంతట తాను 2 సెకన్లు, -60 డెసిబెల్ తీసుకుంటుంది. ఆ హద్దులతో మాటల మధ్య ఖాళీ ఒక్కటైనా దొరకడం కష్టం. ఫలితం ఇలా వస్తుంది:

```
silence_start: 12.48
silence_end: 13.31 | silence_duration: 0.83
```

డెసిబెల్ హద్దు పెట్టడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎండాకాలంలో ఫ్యాను వేసుకుని రికార్డు చేసిన గదిలో ఎవరూ మాట్లాడకపోయినా హోరు ఆగదు. ఆ హోరు -38 కన్నా పైన ఉంటే యంత్రానికి నిశ్శబ్దం ఒక్కటీ కనబడదు, లెక్క సున్నా వస్తుంది. హద్దు మరీ పైకి జరిపితే ఇంకో చిక్కు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, చాలామందికి ఆ చివరి అక్షరాల దగ్గర గొంతు పడిపోతుంది. ‘ఉంటుంది’లోని ‘ది’, ‘చేయాలి’లోని ‘లి’ హద్దు కిందికి వెళ్లిపోతాయి, వాటిని కూడా యంత్రం ఖాళీలో కలిపేస్తుంది. గ్యాప్‌లను తనంతట తానే కోసే సాఫ్ట్‌వేర్‌తో ఎడిట్ చేసిన వీడియోల్లో వాక్యాల తోకలు తెగినట్టు వినిపించేది ఇందువల్లే. హద్దు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక నిమిషం ఆడియో విని, ఖాళీ వినిపించిన చోటల్లా చేత్తో గుర్తు పెట్టుకుని, యంత్రం ఇచ్చిన సమయాలతో పోల్చి చూస్తే చాలు. రెండూ దాదాపు కలిసేదాకా హద్దును సవరించుకోవాలి. ఆ తర్వాత అదే గదిలో అదే మైకుతో తీసిన వీడియోలన్నిటికీ అదే హద్దు వాడాలి.

వెనక సంగీతం కలిపిన తర్వాత కొలవడం వృథా. సంగీతం ఆగదు కాబట్టి నిశ్శబ్దమే ఉండదు. సంగీతం కలపకముందు గొంతు ఒక్కటే ఉన్న ట్రాక్‌ను, ఎడిటింగ్ పూర్తయిన టైమ్‌లైన్ నుంచి విడిగా తీసి కొలవాలి.

ఎన్ని నిశ్శబ్దాలు ఉన్నాయన్న దానికన్నా నిమిషంలో మొత్తం ఎన్ని సెకన్ల నిశ్శబ్దం ఉందన్నది మెరుగైన కొలత. అర సెకను ఖాళీలు ఆరూ, మూడు సెకన్ల ఖాళీ ఒకటీ మొత్తంగా సమానమే, చూసేవారికి మాత్రం ఒకటి కావు. అందుకే రెండు అంకెలూ రాసుకోవాలి: నిమిషానికి ఎన్ని, నిమిషానికి ఎన్ని సెకన్లు.

జంప్ కట్‌లను లెక్కించడం

జంప్ కట్‌లను యంత్రంతో పట్టడం ఇంతకన్నా కష్టం. అదే ప్రోగ్రాంలో దృశ్యం మారిన చోట్లను పట్టే లెక్క ఒకటి ఉంది. పక్కపక్క ఫ్రేముల మధ్య తేడాకు అది 0 నుంచి 1 దాకా మార్కు వేస్తుంది. బజారు దృశ్యం నుంచి ఇంట్లోకి కట్ అయితే మార్కు బాగా వస్తుంది. జంప్ కట్‌లో గోడ, బల్ల, చొక్కా ఏదీ మారదు, తల మాత్రం రెండంగుళాలు కదులుతుంది. సాధారణంగా పెట్టే 0.3 లాంటి హద్దుకు ఆ మార్కు చాలా కింద ఉండిపోతుంది. హద్దు దించితే చెయ్యి ఊపినా, తెర మీద అక్షరాలు వచ్చినా కట్ అని చెబుతుంది. ఈ పరీక్షలో లెక్కించాల్సిన కట్‌లే యంత్రం వదిలేసే కట్‌లు.

తన వీడియోలను తానే పరీక్షించేవారికి ఈ బాధ లేదు. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో ప్రతి కోతా కనిపిస్తుంది, అక్కడే లెక్కపెట్టుకోవచ్చు. ఇతరుల వీడియోలైతే కంటితో చూడాల్సిందే. యూట్యూబ్‌లో వీడియోను ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కి కదులుతుంది. ప్రతి వీడియో నుంచి ముందే అనుకున్న మూడు నిమిషాలను ఎంచుకుని లెక్కిస్తే సరిపోతుంది.

లెక్కించేటప్పుడు మూడు రకాల కట్‌లను విడివిడిగా రాయాలి. కాలాన్ని కోసి, గెంతు కనబడేలా వదిలేసిన నిజమైన జంప్ కట్ ఒకటి. కోత పెట్టిన చోట వేరే దృశ్యం, అంటే బోర్డు మీది బొమ్మో, చేతి క్లోజప్పో కప్పేసినది రెండోది. ఎడిటర్లు దీన్ని బీ-రోల్ వేయడం అంటారు. కాలం ఏమీ కోయకుండా ఫ్రేమును ఒక్కసారిగా దగ్గరకు లాగినది మూడోది, అదే పంచ్-ఇన్. మూడింటినీ ‘కట్‌లు’ అని కలిపేస్తే ఏది పనిచేసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

రిటెన్షన్ గ్రాఫ్ ఏం చెబుతుంది

ఈ పరీక్షలో అందరూ జారే చోటు ఇదే. పది నిమిషాల పాఠాన్ని గ్యాప్‌లు తీసేసి ఎనిమిది నిమిషాలకు తెచ్చారనుకుందాం. తీసేసిన రెండు నిమిషాలూ పాఠమంతటా సమంగా పరుచుకుని ఉన్నవే. పాత ఎడిట్‌లో చూసినవారు సగటున 4 నిమిషాలు ఉన్నారు, అంటే 40 శాతం. కొత్త ఎడిట్‌లోనూ సగటున 4 నిమిషాలే ఉన్నారనుకుంటే శాతం 50 అవుతుంది. స్టూడియోలో అంకె పది పాయింట్లు పెరిగింది. చూసేవారు మాత్రం ఒక్క సెకను కూడా ఎక్కువసేపు కూర్చోలేదు. అంత సమయంలో ఎక్కువ పాఠం విన్నారు, అది మంచిదే. కానీ ‘బిగించి కోస్తే జనం నిలిచారు’ అనడానికి అది సాక్ష్యం కాదు.

ఇంకొంచెం ముందుకు వెళితే, కొత్త ఎడిట్‌లో సగటున 3 నిమిషాల 40 సెకన్లే ఉన్నారనుకుందాం. అది ఎనిమిది నిమిషాల్లో దాదాపు 46 శాతం. శాతం 40 నుంచి 46కు పెరిగింది, జనం 20 సెకన్లు ముందే లేచిపోయారు. శాతాన్ని చూసేవారు ఎడిటర్‌ను మెచ్చుకుంటారు, నిమిషాలు చూసేవారు మందలిస్తారు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే వీడియో. అందుకని వేర్వేరు నిడివి ఉన్న ఎడిట్‌లను పోల్చేటప్పుడు శాతం ఒక్కటే చూడకూడదు. నిమిషానికి ఎంతమంది జారిపోతున్నారు, పాఠంలో ఏ వాక్యం దాకా ఎంతమంది చేరారు అన్న రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. రెండో దానికి ప్రతి ఎడిట్‌లో ‘ఇప్పుడు రెండో సూత్రం చూద్దాం’ లాంటి గుర్తు వాక్యాలు ఏ సమయంలో వస్తున్నాయో రాసుకుని, ఆ సమయాల దగ్గర గ్రాఫ్ చదవాలి.

గ్రాఫ్ ఎంత సన్నగా చూడగలదో కూడా తెలియాలి. యూట్యూబ్ అనలిటిక్స్ నుంచి అంకెల రూపంలో తీసుకునే రిటెన్షన్ వివరాలు వీడియో ఎంత పొడవున్నా నూరు భాగాలుగానే వస్తాయి. ఆ పట్టికలో `audienceWatchRatio` అన్న వరుస అదే. పది నిమిషాల వీడియోలో ఒక్కో భాగం 6 సెకన్లు. ఆ 6 సెకన్లలో ఒక 0.8 సెకను గ్యాప్, రెండు జంప్ కట్‌లు, ఒక కొత్త వాక్యం అన్నీ పట్టేస్తాయి. జారుడు వీటిలో దేనివల్ల వచ్చిందో ఆ గ్రాఫ్ చెప్పలేదు. ‘ఇదిగో ఈ గ్యాప్ దగ్గరే వెళ్లిపోయారు’ అని వేలు పెట్టి చూపించే విశ్లేషణలను ఈ కారణంగానే నమ్మలేం.

అదీకాక, ఆ గ్రాఫ్ మిగిలిన జనం తలలెక్క కాదు. వీడియోలోని ఒక్కో క్షణాన్ని ఎన్నిసార్లు చూశారో మొత్తం వ్యూస్‌తో భాగిస్తే వచ్చేది. వెనక్కి జరిపి రెండోసారి చూస్తే రెండుసార్లు లెక్కకు వస్తుంది. అందుకే గీత అక్కడక్కడా పైకి లేస్తుంది, ఒక్కోసారి నూరు శాతం కూడా దాటుతుంది. వెళ్లిపోయినవారు తిరిగి రారు కాబట్టి నిజమైన తలలెక్క ఎప్పటికీ పైకి లేవదు. పాఠాన్ని మరీ బిగించి కోసినప్పుడు విద్యార్థి అందుకోలేక పది సెకన్లు వెనక్కి జరుపుతాడు. గీత పైకి లేస్తుంది. అర్థం కాకపోవడం రిటెన్షన్ పెరిగినట్టుగా కనిపిస్తుంది. దీనికి తిరగబడ్డ రూపం పొడవైన నిశ్శబ్దం దగ్గర కనిపిస్తుంది. బోర్డు మీద పది, పదిహేను సెకన్లు మౌనంగా రాస్తుంటే చూసేవారు ముందుకు జరుపుతారు. గీత గుంటలా పడి, మళ్లీ దాదాపు పాత ఎత్తుకు లేస్తుంది. పడి లేచిన గుంట విసుగుకు గుర్తు, పడి లేవని మెట్టు వెళ్లిపోవడానికి గుర్తు. నిశ్శబ్దం జనాన్ని ఇబ్బంది పెట్టిందనడానికి ఈ గ్రాఫ్‌లో దొరికే నేరైన సాక్ష్యం ఆ గుంటే. అది కూడా ఒకటి రెండు భాగాలను నింపేంత పొడవైన నిశ్శబ్దాలకే కనిపిస్తుంది.

పోల్చే పద్ధతి

పాత వీడియోలన్నిటినీ వరసగా పెట్టి, కట్‌లు ఎక్కువున్న వాటిలో రిటెన్షన్ ఎక్కువుందా అని చూడటం అందరికీ తట్టే పద్ధతి. దానితో వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుంది. ఛానెల్ పెరిగే కొద్దీ ఎడిటింగ్ బిగుస్తుంది, అదే కాలంలో మాట తీరూ మెరుగవుతుంది, మైకూ మారుతుంది, అంశాలు ఎంచుకోవడమూ వస్తుంది. ఆసక్తి ఉన్న అంశానికి ఎడిటర్ కూడా ఎక్కువ గంటలు పెడతాడు. పరీక్షల ముందు వెతుక్కుంటూ వచ్చిన విద్యార్థి ఒకలా చూస్తాడు, హోమ్ పేజీలో తగిలిన వీడియోను ఊరికే నొక్కినవాడు ఇంకోలా చూస్తాడు.

2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ ఎడెక్స్ సంస్థకు చెందిన నాలుగు ఆన్‌లైన్ కోర్సులను పరిశీలించారు. 862 వీడియోలు, 69 లక్షల వీక్షణలు అందులో ఉన్నాయి. వేగంగా మాట్లాడే ఉపాధ్యాయుల వీడియోలను విద్యార్థులు ఎక్కువసేపు చూశారని, చిన్న వీడియోలే బాగా నిలబెట్టాయని వారికి తేలింది. బిగించి కోయాలనేవారికి ఇది ఊతంలా కనిపిస్తుంది. కానీ అది ఉన్నవాటిని గమనించిన అధ్యయనం, మార్చి చూసిన ప్రయోగం కాదు. ఉత్సాహంగా చెప్పేవారు సహజంగానే వేగంగా మాట్లాడతారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి గ్యాప్‌లు కోసేస్తే ఆ ఉత్సాహం వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఒకే వీడియోకు రెండు ఎడిట్‌లు పెట్టి, సగం మందికి ఒకటి, సగం మందికి మరొకటి చూపించగలిగితే చిక్కంతా తీరేది. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లకు అలాంటి పరీక్ష ఇస్తుంది గానీ వీడియో లోపలి ఎడిటింగ్‌కు కాదు. అదే పాఠాన్ని రెండుసార్లు అప్‌లోడ్ చేస్తే రెండూ వేర్వేరు జనం ముందుకు వెళతాయి, మొదటిది చూసిన సబ్‌స్క్రైబర్లు రెండోది తెరవరు.

ఒక మనిషి తన ఛానెల్‌లో నిజంగా చేయగలిగిన పద్ధతి ఇంకొకటి ఉంది. ప్రతి వీడియోనూ రెండు సగాలు చేసి, ఒక సగాన్ని బిగించి, మరో సగాన్ని వదులుగా ఎడిట్ చేయడం. మొదటి సగం బిగువా, రెండో సగం బిగువా అన్నది నాణెం ఎగరేసి నిర్ణయించడం. అంశం, నిడివి దగ్గరగా ఉన్న రెండేసి పాఠాలను జతగా తీసుకుని, జతలో ఒకదానికి ముందు బిగువు వస్తే రెండో దానికి వెనక బిగువు ఇవ్వాలి.

దీన్ని అంకెలతో చూస్తే అవసరం అర్థమవుతుంది. ఇక్కడి అంకెలు లెక్క తీరు తెలియడానికి ఊహించినవి. బిగువు సగంలో నిమిషానికి 14 జంప్ కట్‌లు, 3 సెకన్ల నిశ్శబ్దం. వదులు సగంలో నిమిషానికి 2 జంప్ కట్‌లు, 11 సెకన్ల నిశ్శబ్దం. మొదటి నిమిషం టైటిల్ చూసి వచ్చి వెంటనే వెళ్లిపోయేవారిది, చివరి నిమిషం ‘సబ్‌స్క్రైబ్ చేయండి’ అనగానే లేచేవారిది. ఆ రెండూ పక్కన పెట్టాలి. మిగిలినవి 1 నుంచి 5, 5 నుంచి 9 నిమిషాలు.

జతలో మొదటి పాఠానికి ముందు సగం బిగువు. ఒకటో నిమిషం దగ్గర 62 శాతం, ఐదో నిమిషం దగ్గర 46, తొమ్మిదో నిమిషం దగ్గర 36. నిమిషానికి జారిపోయేవారి వాటా బిగువు సగంలో దాదాపు 7.2 శాతం, వదులు సగంలో 5.9 శాతం. ఈ ఒక్క వీడియో చూస్తే వదులుగా ఉన్న చోటే జనం నిలిచారనిపిస్తుంది. రెండో పాఠానికి ముందు సగం వదులు. ఒకటో నిమిషం దగ్గర 61, ఐదు దగ్గర 43, తొమ్మిది దగ్గర 35. వదులు సగంలో జారుడు 8.4 శాతం, బిగువు సగంలో 5 శాతం. ఇది దానికి పూర్తిగా ఎదురు చెబుతున్నట్టుంది. అసలు సంగతేమిటంటే, ఏ వీడియోలోనైనా వెనక సగంలో జారుడు తక్కువే. అంతగా పట్టనివారు ముందే వెళ్లిపోయారు, మిగిలినవారు పాఠం కావాలనుకున్నవారు. కాబట్టి ముందు సగాన్ని ముందు సగంతోనే పోల్చాలి. బిగువుకు 7.2, వదులుకు 8.4. వెనక సగాన్ని వెనక సగంతో పోలిస్తే బిగువుకు 5, వదులుకు 5.9. రెండు చోట్లా బిగువే కాస్త మెరుగు, నిమిషానికి నూటికి ఒకరి దాకా.

ఆ ఒకరు నిజమా, యాదృచ్ఛికమా అన్నది వ్యూస్ మీద ఆధారపడుతుంది. 300 మంది చూసిన వీడియోలో 46 శాతం అన్న అంకె కేవలం అదృష్టం మీద అటూ ఇటూ ఆరు పాయింట్ల దాకా ఊగగలదు. 5,000 మంది చూస్తే ఒకటిన్నర పాయింటు లోపే ఊగుతుంది. చిన్న ఛానెళ్లు ఒక్క వీడియో గ్రాఫ్ చూసి ఎడిటింగ్ శైలి మార్చుకోవడం ఈ ఊగిసలాటను వెంటాడటమే అవుతుంది. ఎన్ని వ్యూస్ వచ్చినా ఒక్క జత చాలదు, పాఠాలు పాఠాలకు తేడా ఉంటుంది. పన్నెండు జతలు చేస్తే, బిగువుకు వదులుకు ఏ తేడా లేకపోయినా బిగువు వైపు పది లేదా అంతకు మించి జతలు తేలే అవకాశం దాదాపు 2 శాతం. తొమ్మిది లేదా అంతకు మించి తేలే అవకాశం 7 శాతం పైనే. అంటే పన్నెండింటిలో పది వస్తే నమ్మవచ్చు, తొమ్మిది వస్తే ఇంకా చూడాలి. వారానికొక వీడియో పెట్టే ఛానెల్‌కు ఇది దాదాపు ఆరు నెలల పని. ప్రతి వీడియో అంకెలను పెట్టిన తర్వాత ఒకే గడువుకు, ఉదాహరణకు 14 రోజులకు, తీసుకోవాలి. తొలి రోజుల్లో చూసేవారు సబ్‌స్క్రైబర్లు, తర్వాత వచ్చేవారు వెతుక్కుంటూ వచ్చినవారు.

కోత పనిచేసిందా, గెంతు పనిచేసిందా

పన్నెండు జతల తర్వాత బిగువే గెలిచినా ఒక ముడి మిగిలే ఉంటుంది. గ్యాప్ తీస్తే జంప్ కట్ పుడుతుంది. నిశ్శబ్దం తగ్గిన ప్రతిచోటా కట్‌లు పెరుగుతాయి. రెండు అంకెలూ కలిసే కదులుతుంటే గెలిచింది ఏది? ఖాళీ పోవడమా, తెర మీద ప్రతి నాలుగు సెకన్లకూ కనిపించే ఆ చిన్న కుదుపా?

కుదుపుకు తనదైన బలం ఉందనడానికి ఆధారం ఉంది. టీవీ చూస్తున్నవారి గుండె వేగాన్ని కొలుస్తూ ఏనీ లాంగ్ చేసిన పరిశోధనల్లో, దృశ్యం మారిన ప్రతిసారీ మనసు ప్రయత్నం లేకుండానే తెర వైపు తిరుగుతుందని కనిపించింది. ఏదో చప్పుడైతే తల తిప్పినట్టే అది. అలా తిరిగిన ప్రతిసారీ మనసుకు కొంత పని పడుతుందని, కొత్త విషయం దట్టంగా ఉన్నప్పుడు కట్‌లు మరీ పెరిగితే గుర్తుండటం తగ్గుతుందని కూడా ఆమె సిద్ధాంతం చెబుతుంది.

ముడి విప్పడానికి నాలుగు రకాల ముక్కలు కావాలి. గ్యాప్ ఉంచి ఏ కట్టూ లేనిది. గ్యాప్ తీసి గెంతు వదిలేసినది. గ్యాప్ తీసి, కోత మీద బీ-రోల్ కప్పినది, ఇందులో కాలం పోయింది గానీ గెంతు లేదు. గ్యాప్ ఉంచి, వాక్యం మధ్యలో పంచ్-ఇన్ వేసినది, ఇందులో కుదుపు ఉంది గానీ కాలం పోలేదు. మూడోదీ రెండోదీ సమానంగా నిలబెడితే పనిచేసింది ఖాళీ పోవడమే. నాలుగోదీ రెండోదీ సమానమైతే పనిచేసింది కుదుపు, అప్పుడు ఉపాధ్యాయుడి ఊపిరిని కోయాల్సిన పనే లేదు. బీ-రోల్ తనంతట తానే కొత్త విషయం చూపిస్తుంది కాబట్టి మూడోది పూర్తిగా శుద్ధమైన పోలిక కాదు. పాఠంతో సంబంధమున్న స్థిరమైన బొమ్మ ఒక్కటే వాడితే ఆ లోపం తగ్గుతుంది.

నిశ్శబ్దాలన్నీ ఒకటి కాకపోవడం ఈ పరీక్షకు ఉన్న చివరి హద్దు. తెలుగులో ‘నీళ్లు పోసి, మూత పెట్టి, సన్నమంట మీద ఉంచి...’ అని అసమాపక క్రియలతో వాక్యాన్ని సాగదీస్తాం. ఒక్కో ‘ఇ’ దగ్గర చిన్నగా ఆగడం మాటలో భాగమే. వినేవారు అక్కడ ముక్కలు ముక్కలుగా అర్థం చేసుకుంటూ అసలు క్రియ కోసం ఎదురుచూస్తారు. పేరుకూ దాని విభక్తికీ మధ్య, ‘ఈ సూత్రం... ని’ అన్నట్టు ఆగితే అది తడబాటు. ప్రశ్న అడిగి జవాబు చెప్పకముందు ఆగితే ఆలోచించడానికి ఇచ్చిన సమయం. లెక్క వేసి చూపించేటప్పుడు ఆగితే, ఆ మౌనంలోనే పాఠం ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఈ నాలుగూ 0.8 సెకన్లే. అందుకని ప్రతి పాఠంలోనూ ఒక నిమిషం పాటు దొరికిన నిశ్శబ్దాలకు చేత్తో పేర్లు రాయాలి: వాక్యాంతం, అసమాపకం, తడబాటు, ఆలోచన, ప్రదర్శన. తడబాట్లు మాత్రమే తీసిన ఎడిట్‌ను, అన్నీ తీసిన ఎడిట్‌తో ఇదే జతల పద్ధతిలో పోలిస్తే, నిమిషానికి ఎన్ని సెకన్లు కోయాలన్న ప్రశ్న ఏ సెకన్లు కోయాలన్న ప్రశ్నగా మారుతుంది. ఆ రెండు ఎడిట్‌ల మధ్య జారుడులో తేడా కనబడకపోతే, తడబాట్లు కాని గ్యాప్‌లను కోయడానికి పెట్టిన ఎడిటింగ్ గంటలకు రిటెన్షన్‌లో దొరికింది ఏమీ లేనట్టే.